వాపసు డబ్బు ఎక్కడికి రావాలి: బ్యాంకుకా, దుకాణానికా, వాలెట్‌కా?

పోయిన ఆషాఢం తగ్గింపుల్లో మా చెల్లెలు ఒక ఆన్‌లైన్ దుకాణంలో మూడు చీరలు కొంది. అందులో ఒకటి తెరమీద గంధం రంగులో కనిపించింది, ఇంటికి వచ్చేసరికి పచ్చి పసుపు. తిప్పి పంపుదామని యాప్ తెరిస్తే రెండు దారులు చూపించింది. పైన పెద్ద ఆకుపచ్చ గడిలో "స్టోర్ క్రెడిట్, వెంటనే, ₹4,250". కింద బూడిద రంగు చిన్న అక్షరాల్లో "చెల్లించిన మార్గానికే, 5 నుంచి 7 పనిదినాలు, ₹4,050". ఫోను చేసి అడిగింది: "అన్నయ్యా, వెంటనే ఇస్తామంటున్నారు, పైగా రెండు వందలు ఎక్కువ. నొక్కెయ్యనా?"

నేను కొన్నేళ్లు ఇలాంటి ఒక దుకాణంలో రిఫండ్ లెక్కలు చూశాను. ఆ ఆకుపచ్చ గడి పైన ఎందుకు ఉంటుందో తెలుసు కాబట్టి ఆగమన్నాను. స్టోర్ క్రెడిట్ మోసమని కాదు, నేనే చాలాసార్లు తీసుకున్నాను. కానీ ఆ తెర రెండు మొత్తాలనీ రెండు గడువులనీ పక్కపక్కన పెట్టి, ఇవి ఒకే రకం డబ్బు అనిపిస్తుంది. అవి ఒకే రకం కావు. ఎప్పుడు వస్తుందన్నది చివర అడగాల్సిన ప్రశ్న. వచ్చాక అది ఎక్కడికి కదలగలదు, అప్పటిదాకా ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ముందు అడగాల్సినవి.

చెల్లించిన మార్గానికే వాపసు

కార్డుతో కడితే కార్డుకు, యూపీఐతో కడితే ఆ బ్యాంకు ఖాతాకు. మన దేశంలో మామూలుగా జరగాల్సింది ఇదే. దుకాణాల తరఫున డబ్బు వసూలు చేసే చెల్లింపు సంస్థలకు రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప వాపసు మొదట చెల్లించిన మార్గానికే వెళ్లాలి. అంటే స్టోర్ క్రెడిట్ గడిని మీరు నొక్కడం ఆ ఒప్పుకోలు కిందికి వస్తుంది. ఒకసారి నొక్కాక "పొరపాటున నొక్కాను, బ్యాంకుకు వేయండి" అని అడిగితే దుకాణం కాదనడానికి దానికి ఆధారం ఉంటుంది. మా దగ్గరికి ఇలాంటి అభ్యర్థనలు రోజూ వచ్చేవి. ఒప్పుకున్నవి చాలా తక్కువ.

ఈ దారిలో ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది. "5 నుంచి 7 పనిదినాలు" అన్నది చాలా దుకాణాల్లో మీరు వస్తువు కొరియరు చేతికి ఇచ్చిన రోజు నుంచి లెక్క కాదు. వస్తువు గోదాముకు చేరాలి, అక్కడ విప్పి చూడాలి, బాగుందని రాయాలి, అప్పుడు రిఫండ్ ఉత్తర్వు బయటికి పోతుంది. గడియారం అక్కడ మొదలవుతుంది. చెల్లెలి చీర జూలై 20న తీసుకెళ్లారు, 23న గోదాములో పరీక్ష అయింది, ఆ సాయంత్రం "మీ రిఫండ్ పంపించాము" అని సందేశం వచ్చింది, 27న కార్డులో పడింది. తనకు అది వారం. బ్యాంకు లెక్కలో అది నాలుగు రోజులు.

ఆర్డరు రవాణాకు వెళ్లకముందే, కట్టిన రోజే రద్దు చేస్తే పరిస్థితి వేరు. కార్డు మీద డబ్బు అప్పటికి బ్యాంకు పక్కన పెట్టి ఉంచిందే తప్ప దుకాణానికి పూర్తిగా చేరి ఉండకపోవచ్చు. అప్పుడు రిఫండ్ అనే కొత్త పద్దు రాదు, పాత పద్దే మాయమవుతుంది. రిఫండ్ రాలేదని స్టేట్‌మెంట్ అంతా వెతికేవాళ్లు కొందరు ఇక్కడే పొరబడతారు. జమ కోసం చూస్తారు, ఖర్చు లేకుండా పోయిన సంగతి చూడరు.

రిఫండ్ పంపామని దుకాణం అంటుంది, రాలేదని బ్యాంకు అంటుంది. ఇలా మధ్యలో చిక్కుకున్నప్పుడు ఒకే ఒక్క వస్తువు అడగండి: రిఫరెన్స్ నంబరు. కార్డు రిఫండ్‌కు 23 అంకెల ఏఆర్‌ఎన్ ఉంటుంది, యూపీఐకి 12 అంకెల నంబరు ఉంటుంది. దాన్ని బ్యాంకుకు ఇస్తే డబ్బు ఏ దశలో ఉందో వెతకగలరు. కస్టమర్ కేర్ వాళ్లు ఎన్నిసార్లు అడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అనే తప్ప ఆ నంబరు ఇవ్వకపోతే, ఉత్తర్వు ఇంకా బయటికి పోలేదని అనుమానించవచ్చు. నా అనుభవంలో ఆ అనుమానం తరచూ నిజమయ్యేది.

క్రెడిట్ కార్డు ఉంటే లెక్క మారుతుంది

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, నష్టపోయామని కూడా తెలియనిదీ ఇక్కడే.

చెల్లెలి బిల్లు ఇలా ఉంది. మూడు చీరల ధర ₹9,000. పది శాతం కూపన్ పోగా ₹8,100. అందులో ₹1,100 ఎవరో పుట్టినరోజుకు ఇచ్చిన గిఫ్ట్ కార్డు నుంచి, మిగతా ₹7,000 క్రెడిట్ కార్డు నుంచి కట్టింది. తిప్పి పంపిన చీర ధర ₹4,500. కూపన్ వాటా ₹450 తీసేస్తే రావాల్సింది ₹4,050. అంటే కట్టినదాంట్లో సరిగ్గా సగం. ఆ దుకాణం వాపసును కట్టిన నిష్పత్తిలోనే పంచుతుంది కాబట్టి ₹3,500 కార్డుకు, ₹550 గిఫ్ట్ కార్డు నిల్వకు వెళ్లాలి. "చెల్లించిన మార్గానికే ₹4,050" అన్న చోట ఒక చిన్న బాణం గుర్తు ఉంది. దాన్ని నొక్కితే తప్ప ఈ విభజన కనిపించలేదు. కొన్ని దుకాణాలు ముందు కార్డును నింపుతాయి, కొన్ని ముందు గిఫ్ట్ కార్డును నింపుతాయి. నొక్కేముందు ఆ బాణం గుర్తు వెతకండి.

కూపన్ దగ్గర ఇంకో మెలిక. "₹5,000 పైన కొంటేనే తగ్గింపు" అన్న షరతు ఉండి, తిప్పి పంపాక మీ దగ్గర మిగిలిన సరుకు విలువ ఆ గీత కిందికి పడితే, కొన్ని దుకాణాలు మిగిలినవాటి మీద ఇచ్చిన తగ్గింపును కూడా రిఫండ్‌లో కోసుకుంటాయి. చెల్లెలి కూపన్‌కు అలాంటి షరతు లేదు, ఉండి ఉంటే ఇంకో ₹450 పోయేది.

ఇప్పుడు బిల్లు సంగతి. ఆ కార్డుకు ప్రతి నెలా 18న బిల్లు వస్తుంది, కట్టాల్సిన ఆఖరు తేదీ తరువాతి నెల 7. జూలై 18 బిల్లులో చీరల ₹7,000, ఇంటి ఖర్చులు ₹5,300, మొత్తం ₹12,300. రిఫండ్ 27న పడింది, ఆఖరు తేదీకి ముందే. ఇలాంటప్పుడు ఏం చేయాలో 2022లో రిజర్వ్ బ్యాంకు కార్డుల ఆదేశాల్లో చెప్పింది: ఆఖరు తేదీకి ముందు వచ్చిన రిఫండ్‌ను, ఇంకా కట్టని బాకీలో వెంటనే సర్దుబాటు చేసి, ఖాతాదారుకు తెలియజేయాలి. కాబట్టి తను కట్టాల్సింది ₹8,800. ఆదేశం ఎలా ఉన్నా, యాప్‌లో బాకీ ఎంత చూపిస్తోందో చూసి కట్టడం నా అలవాటు. ₹12,300 అనే ఇంకా కనిపిస్తే అంతా కట్టేస్తాను. తక్కువ కట్టి ఆలస్య రుసుము మీద వాదించడం కంటే ఎక్కువ కట్టి వెనక్కి తీసుకోవడం తేలిక.

వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. బిల్లు కట్టేసిన తరువాత రిఫండ్ వచ్చిందనుకోండి. ఆ డబ్బు కార్డు మీద మిగులుగా కూర్చుంటుంది. కార్డు పరిమితిలో ఒక శాతం, లేదా ₹5,000, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని మించిన మిగులును బ్యాంకు మీ అనుమతి లేకుండా పరిమితిలో కలిపేసుకోకూడదు. చెల్లెలి కార్డు పరిమితి ₹1,50,000. ఒక శాతం ₹1,500. తన ₹3,500 దాన్ని మించింది కాబట్టి బ్యాంకు ఏడు రోజుల్లోపు సందేశమో మెయిలో పంపి అనుమతి అడగాలి, తను జవాబు ఇవ్వకపోతే డబ్బును బ్యాంకు ఖాతాకు పంపాలి. మొత్తం ఎంత చిన్నదైనా, ఖాతాకు పంపండని మీరే అడిగితే మూడు పనిదినాల్లో పంపాలి. కార్డుకు వచ్చిన రిఫండ్ కార్డులోనే ఖర్చవ్వాలని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు.

ఇదంతా పక్కన పెట్టి చెల్లెలు ఆకుపచ్చ గడి నొక్కి ఉంటే? ఆగస్టు 7కు బ్యాంకుకు ₹12,300 తన జీతం నుంచి కట్టాలి. దుకాణంలో ₹4,250 ఉంటుంది. అంటే అప్పుగా తీసుకున్న డబ్బు అప్పుగానే ఉంటుంది, దానికి బదులు వచ్చింది మాత్రం ఒక్క దుకాణంలో చెల్లే కాగితం. ఆ నెల బిల్లు పూర్తిగా కట్టలేక కొంత మిగిల్చేవాళ్లకు ఇది మరీ భారం. మిగిల్చిన బాకీ మీద కార్డు వడ్డీ ఏడాదికి నలభై శాతం దరిదాపుల్లో ఉండడం మామూలే. రెండు వందల అదనం ఎంతకాలం నిలుస్తుంది? క్రెడిట్ కార్డుతో కొన్న వస్తువుకు స్టోర్ క్రెడిట్ తీసుకోవద్దని నేను దాదాపు గుడ్డిగా చెబుతాను.

ఈఎంఐ మీద కొన్నవాళ్లకు ఒక మాట. రిఫండ్ కార్డుకు వచ్చినంత మాత్రాన ఈఎంఐ ఆగకపోవచ్చు. కొన్ని బ్యాంకుల్లో దానంతటదే రద్దవుతుంది, కొన్నింట్లో మీరు ఫోను చేసి చెప్పాలి. ప్రాసెసింగ్ రుసుమూ అప్పటిదాకా కట్టిన వడ్డీ మీద జీఎస్టీ సాధారణంగా వెనక్కి రావు.

స్టోర్ క్రెడిట్ నిజంగా ఏమిటి

దుకాణం పుస్తకంలో మీ పేరు మీద రాసిన ఒక అంకె. అంతే. అది వెంటనే రావడానికి కారణం కూడా అదే: మధ్యలో ఏ బ్యాంకూ లేదు. మా ఆఫీసులో అది ఒక గడిలో సంఖ్య మార్చడం. అదే కార్డుకు వాపసు పంపితే, మొదట కొన్నప్పుడు చెల్లింపు సంస్థకు దుకాణం కట్టిన రుసుము సాధారణంగా తిరిగి రాదు. డబ్బూ పోయింది, రుసుమూ పోయింది. స్టోర్ క్రెడిట్ అయితే డబ్బు దుకాణంలోనే ఉంటుంది, కొందరు వాడటం మరిచిపోతారు, వాడేవాళ్లు తరచూ ఆ మొత్తానికి పైన ఇంకొంత పెట్టి కొంటారు. అందుకే రెండు వందలు ఎక్కువ ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు.

ఆ రెండు వందల్ని కూడా దగ్గరగా చూడండి. చెల్లెలి తెరమీద ₹4,250 అని ఒకే అంకె ఉంది. వివరాల్లోకి వెళితే ₹4,050 క్రెడిట్, ₹200 పాయింట్లు. క్రెడిట్‌కు ఏడాది గడువు, పాయింట్లకు ముప్ఫై రోజులు. పైగా పాయింట్లు ఒక బిల్లులో పది శాతం దాటి వాడకూడదు, అంటే ఆ రెండు వందలు వాడాలంటే నెలలోపు కనీసం ₹2,000 సరుకు కొనాలి. అన్ని దుకాణాలూ ఇలా రెండు పద్దులు పెట్టవు, కానీ "అదనం" కనిపించిన చోట గడువు వేరుగా ఉందేమో చూడటం మంచిది.

స్టోర్ క్రెడిట్‌తో కొన్న వస్తువు మళ్లీ నచ్చకపోతే? అది స్టోర్ క్రెడిట్‌గానే వస్తుంది. చెల్లించిన మార్గం ఇప్పుడు అదే కదా. ఒకసారి ఆ తలుపు లోపలికి వెళ్లిన డబ్బు బ్యాంకు దాకా రావడం దాదాపు జరగదు. ఇంకొకరికి పంపలేరు, కరెంటు బిల్లుకు కట్టలేరు. ఫోను నంబరు మారి పాత ఖాతాలోకి వెళ్లలేకపోతే, ఆ అంకె మీదేనని నిరూపించే పని మీది.

ఇక దుకాణమే మూతపడితే ఏమవుతుంది? విమాన ప్రయాణికులకు ఇది రెండుసార్లు అనుభవమైంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థల దగ్గర డబ్బు ఉండిపోయిన ప్రయాణికులు రుణదాతల వరసలో నిలబడాల్సి వచ్చింది. రద్దైన టికెట్టు డబ్బును సంస్థ దగ్గరే ఉంచే పద్ధతిని విమానయానంలో క్రెడిట్ షెల్ అంటారు. అది ప్రయాణికుడి ఇష్టమే తప్ప సంస్థ తనంతట తాను చేసేది కాదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ నిబంధనల్లో ఉంది. టికెట్టు రద్దు చేసినప్పుడు సంస్థ మీకు అడగకుండానే క్రెడిట్ షెల్ ఇచ్చేస్తే, ఆ నిబంధనను పేర్కొంటూ డబ్బే కావాలని రాయండి.

ఇంత చెప్పినా స్టోర్ క్రెడిట్ మేలైన సందర్భాలు ఉన్నాయి. నెలనెలా సరుకులు తెప్పించుకునే దుకాణంలో ₹180 పెరుగు డబ్బాలు పాడై వస్తే నేను ఆలోచించకుండా స్టోర్ క్రెడిట్ తీసుకుంటాను. రేపటి బిల్లులో అవి కరిగిపోతాయి. పిల్లల చెప్పుల సైజు సరిపోకపోతే, అదే జత పెద్ద సైజులో అప్పుడే కొనాలంటే, వారం ఆగే బదులు స్టోర్ క్రెడిట్‌తో వెంటనే కొనొచ్చు. అయితే ముందు ఆ సైజు నిల్వలో ఉందో లేదో చూసి, ఆ తరువాత నొక్కండి. యూపీఐతోనో డెబిట్ కార్డుతోనో కట్టి ఉండాలి, మొత్తం చిన్నదై ఉండాలి, నెలలోపు అక్కడే కొనడం ఖాయమై ఉండాలి. ఈ మూడూ కుదిరితే నాకు అభ్యంతరం లేదు.

వాలెట్: పేరు ఒకటే, రకాలు వేరు

దుకాణాలు తమ స్టోర్ క్రెడిట్‌కు "వాలెట్" అని పేరు పెట్టడం వల్ల గందరగోళం ఎక్కువైంది. తేడా తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను: అందులోంచి బ్యాంకు ఖాతాకు పంపే బటన్ ఉందా? లేకపోతే, వేరే దుకాణాల్లోనైనా దానితో కట్టగలమా? రెండింటికీ లేదు అంటే అది పేరు మార్చుకున్న స్టోర్ క్రెడిట్.

నిజమైన వాలెట్‌కు రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంటుంది. బ్యాంకు కాని సంస్థ దాన్ని నడుపుతుంటే, అందులోని ప్రజల డబ్బును ఒక వాణిజ్య బ్యాంకులో ప్రత్యేకమైన ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, తన వ్యాపార ఖర్చులకు వాడకూడదు. స్టోర్ క్రెడిట్‌కు ఇలాంటి కంచె లేదు. ఇద్దరూ డబ్బు "వెంటనే" ఇస్తారు. కంపెనీ కష్టాల్లో పడ్డ రోజున మాత్రం తేడా బయటపడుతుంది.

అలాగని వాలెట్‌కు వచ్చిన డబ్బు బ్యాంకులో ఉన్నట్టే కాదు. అది మీ కేవైసీ మీద ఆధారపడుతుంది. ఫోను నంబరు, కొద్దిపాటి వివరాలతో తెరిచిన వాలెట్‌లో ఎప్పుడూ ₹10,000 మించి ఉండకూడదు, దానితో కొనుగోళ్లు చేయొచ్చు తప్ప బ్యాంకుకు పంపలేరు. పూర్తి కేవైసీ చేస్తే నిల్వ పరిమితి ₹2 లక్షలు, బ్యాంకుకు బదిలీ కూడా చేయొచ్చు. కొన్ని సంస్థలు ఆ బదిలీకి రుసుము తీసుకుంటాయి. కాబట్టి ₹14,000 ఫోను తిప్పి పంపి, వాలెట్‌కు వేయమని చెప్పేముందు మీ వాలెట్ ఏ రకమో చూసుకోండి. సగం కేవైసీ వాలెట్ అయితే అది అంత మొత్తానికి సరిపోయే చోటు కాదు.

మీరు మొదట వాలెట్ నుంచే కట్టి ఉంటే ఇదంతా అక్కర్లేదు. రిఫండ్ ఆ వాలెట్‌కే, సాధారణంగా త్వరగా వస్తుంది. అక్కడ వాలెట్టే మీ చెల్లించిన మార్గం. యూపీఐతో కట్టినవాళ్లు మాత్రం వేగం కోసం వాలెట్ ఎంచుకోవడంలో నాకు పెద్ద లాభం కనిపించదు. దుకాణం ఉత్తర్వు పంపాక యూపీఐ రిఫండ్ తరచూ ఒకటి రెండు రోజుల్లోనే ఖాతాలో పడుతుంది. ఆ కొద్దిపాటి తేడా కోసం డబ్బును ఇంకో మెట్టు దూరం పెట్టుకోవడం ఎందుకు?

ఎంచుకోవడానికి చెల్లించిన మార్గమే లేనప్పుడు

ఇంటికి వచ్చాక నగదు ఇచ్చి కొన్న వస్తువుకు తిరిగి వెళ్లడానికి దారి లేదు. అందుకని దుకాణం బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ అడుగుతుంది, లేదా స్టోర్ క్రెడిట్ ఇస్తానంటుంది. ఇక్కడ చాలామంది ఖాతా వివరాలు ఇవ్వడానికి జంకి స్టోర్ క్రెడిట్ తీసుకుంటారు. యాప్ లోపలే ఆ వివరాలు నింపడంలో ప్రమాదం లేదు. ప్రమాదం ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన "కస్టమర్ కేర్" నంబరుకు ఫోను చేయడంలో ఉంది. అవతలివాడు స్క్రీను చూపించే యాప్ వేయమన్నా, "రిఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టండి" అన్నా అక్కడే ఫోను పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకు విదేశీ కార్డుతో కొనిపెట్టేవాళ్లకు ఇంకో చిక్కు. రిఫండ్ వచ్చిన రోజు మారకపు రేటు ప్రకారం కార్డుకు చేరుతుంది, కొన్ననాటి రేటుతో కాదు. ఒక్కోసారి రెండు డాలర్లు తక్కువ, ఒక్కోసారి ఎక్కువ. విదేశీ లావాదేవీ రుసుమును కొన్ని బ్యాంకులు వెనక్కివ్వవు. అయినా దూరంలో ఉన్నవాళ్లకు స్టోర్ క్రెడిట్ కంటే అదే నయం, వాళ్లు మళ్లీ ఇక్కడి దుకాణంలో కొనేది బహుశా వచ్చే దసరాకే.

ఖాతా మూసేయాలనుకుంటున్నవాళ్లు రిఫండ్ రావాల్సింది ఏదైనా ఉంటే ఆగండి. గడువు తీరిన కార్డుకు పంపినా డబ్బు మామూలుగా ఖాతాకు చేరుతుంది, ఎందుకంటే ఖాతా అదే కదా. ఖాతానే లేకపోతే అది దుకాణానికి తిరిగిపోతుంది, మళ్లీ మొదటికి.

ఇది రిఫండేనా?

డబ్బు కట్ అయింది, ఆర్డరు మాత్రం నమోదు కాలేదు. దీన్ని అందరూ రిఫండ్ అనే అంటారు, కానీ ఇది విఫలమైన లావాదేవీ. దీనికి వేరే నియమాలు, మీకు మరింత బలం. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం దుకాణానికి కార్డుతోనో యూపీఐతోనో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు కోసి, అవతల నిర్ధారణ అందకపోతే, లావాదేవీ రోజు తరువాత ఐదు రోజుల్లోపు అది దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. ఈ పరిస్థితిలో ఎవరైనా "వాలెట్‌కు వేస్తాం, వెంటనే వస్తుంది" అంటే తీసుకోనక్కర్లేదు. ఈ ₹100 నియమం మీరు తిప్పి పంపిన చీరకు మాత్రం వర్తించదు. చాలామంది దీన్ని పట్టుకుని బ్యాంకుతో తగాదాకు దిగుతారు, అందుకే చెబుతున్నాను.

తిప్పి పంపిన వస్తువు డబ్బు విషయంలో ముందు దుకాణం ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ పేరూ మెయిలూ సైటులోనే, పేజీ అట్టడుగున ఉంటాయి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. తప్పు బ్యాంకుదైతే ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ముప్ఫై రోజులు చూసి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో వెళ్లొచ్చు.

చెల్లెలు బూడిద రంగు గడినే నొక్కింది. 27న ₹3,500 కార్డులో కనిపించింది, మరునాటికి యాప్‌లో బాకీ ₹8,800కు దిగింది, అదే కట్టింది. గిఫ్ట్ కార్డు తాలూకు ₹550 మాత్రం దుకాణంలోనే ఉంది. గడువు ఎప్పటిదాకానో చూసి ఫోను క్యాలెండర్‌లో రాసుకుంది. శ్రావణ శుక్రవారానికి ఆ డబ్బుతో జాకెట్టు ముక్క కొందామని వెతికింది కానీ, తనకు నచ్చినవన్నీ ₹900 పైనే ఉన్నాయట.